రఫ్‌నెస్ టెస్టర్‌ను రిఫరెన్స్ ప్లేట్‌పై చెక్ చేయడం, టర్నింగ్ జాబ్‌పై Ra అంకెను అర్థం చేసుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడ చెప్పేదంతా వర్క్‌షాపుల్లో ఎక్కువగా కనిపించే చేతి టెస్టర్ గురించి. చివర వజ్రపు మొన ఉన్న స్టైలస్, దాని పక్కన జాబ్‌ను ఆనుకుని జారే స్కిడ్, చిన్న తెర ఉండే రకం ఇది. స్టైలస్, స్కిడ్ ఉన్న భాగాన్ని పికప్ అంటారు. Ra అంటే ఉపరితలం ఎంత గరుకుగా ఉందో మైక్రాన్లలో చెప్పే సగటు అంకె. కొలిచే జాబ్ లేత్ మీద ఫినిష్ టర్నింగ్ చేసిన స్టీల్ షాఫ్ట్ అనుకుందాం.

టెస్టర్ పెట్టెలో వచ్చే చిన్న ప్లేట్ ఏమిటి? దాని మీద 2.97 అని ఎందుకు రాసి ఉంది?

అదే రిఫరెన్స్ స్పెసిమన్. మన షాపుల్లో మాస్టర్ ప్లేట్ అని పిలుస్తారు. దాని మీద ఒకే దూరంలో, ఒకే లోతులో సన్నని గాళ్లు ఉంటాయి. సాధారణంగా నికెల్‌తో చేస్తారు. వాటి Ra ఎంతో ముందే కొలిచి ప్లేట్ మీదో, దానితో ఇచ్చే కార్డు మీదో రాస్తారు. ఎక్కువ ప్లేట్లు 3 మైక్రాన్ల దగ్గరలో ఉంటాయి కానీ ప్రతి ప్లేట్‌కూ దాని అంకె వేరు. పక్క షాపు ప్లేట్ తెచ్చి మన కార్డులోని అంకెతో పోల్చితే తప్పు కనబడుతుంది, టెస్టర్‌లో తప్పేమీ లేకపోయినా.

ప్లేట్‌ను NABL గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో కొలిపించి ఉంటే, పోల్చవలసింది సర్టిఫికెట్‌లోని అంకెతో. ప్లేట్ మీద చెక్కిన అంకె తయారైన రోజుది, సర్టిఫికెట్‌లోది ఈ మధ్య కొలిచింది. సర్టిఫికెట్‌లో ± అని ఇచ్చే అనిశ్చితిని కూడా చూడాలి. అదెందుకో కింద లెక్కలో తెలుస్తుంది.

చెక్ చేయడం, క్యాలిబ్రేట్ చేయడం ఒకటే కదా?

కాదు. చాలా షాపుల్లో జరిగే పొరపాటు ఇక్కడే మొదలవుతుంది. చెక్ అంటే టెస్టర్ ఇప్పుడు ఎలా ఉందో అలాగే ప్లేట్ మీద కొలిచి, ఎంత చూపించిందో రాసుకోవడం. తెర మీద క్యాలిబ్రేషన్ మెనూలోకి వెళ్లి ప్లేట్ అంకె కొట్టి బటన్ నొక్కడం సర్దుబాటు. అలా నొక్కితే టెస్టర్ తన రీడింగును హెచ్చించే గుణకాన్ని మార్చేసుకుని ఆ అంకె దగ్గరకే వచ్చి కూర్చుంటుంది.

పొద్దున్నే ముందు బటన్ నొక్కి తర్వాత కొలిస్తే అంకె ఎప్పుడూ సరిగ్గానే వస్తుంది. స్టైలస్ మొన అరిగినా, స్కిడ్ కింద మురికి చేరినా ఆ సర్దుబాటు కిందే దాక్కుంటుంది. పైగా నిన్న సాయంత్రం కొలిచిన జాబ్‌లు సరైనవేనా అన్న ప్రశ్నకు జవాబు ఉండదు. అందుకే ముందు ఉన్నది ఉన్నట్టు కొలిచి రాయండి. తేడా ఎందుకు వచ్చిందో చూశాకే, అవసరమైతేనే సర్దండి.

ప్లేట్ మీద చెక్ ఎలా చేయాలి?

టెస్టర్‌నీ ప్లేట్‌నీ కొలిచే గదిలో కనీసం అరగంట, వీలైతే గంట ఉంచండి. ప్లేట్‌ను పోగులు రాలని గుడ్డకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది గాళ్ల వెంబడి మెల్లగా తుడవండి. బనియన్ గుడ్డ, కాటన్ వేస్టు వద్దు, వాటి పోగు గాడిలో ఇరుక్కుంటుంది. స్టైలస్‌ను మెత్తని కుంచెతో, పికప్ వైపు నుంచి మొన వైపుకు, ఒకే దిశలో తుడవాలి. స్కిడ్‌నూ అలాగే. కంప్రెసర్ గాలి కొట్టొద్దు. ఆ గాలిలో నూనె, నీరు ఉంటాయి, ఆ వేగానికి స్టైలస్ పట్టు వంగిపోవచ్చు కూడా.

తర్వాత రెండింటినీ సర్ఫేస్ ప్లేట్ మీద పెట్టండి. పికప్ ప్లేట్‌కు సమాంతరంగా కూర్చోవాలి. ఎత్తు సరిపోకపోతే టెస్టర్‌తో వచ్చే కాళ్లతోనో, స్టాండ్‌తోనో సర్దాలి. పక్కనుంచి కంటికి ఎదురుగా పెట్టి చూస్తే వాలు తెలిసిపోతుంది. స్టైలస్ గాళ్లకు అడ్డంగా, అంటే లంబంగా కదలాలి.

సెట్టింగ్ కార్డులో ఏముందో అదే పెట్టండి. కటాఫ్ అంటే దానికంటే పొడవైన అలలను టెస్టర్ వదిలేసే హద్దు. 3 మైక్రాన్ల దగ్గరి ప్లేట్లకు ఎక్కువగా 0.8 మి.మీ. కటాఫ్, ఐదు సాంపిల్ పొడవులు ఉంటాయి, అంటే లెక్కకు తీసుకునేది 4 మి.మీ. కొన్ని ప్లేట్లకు 2.5 అని ఉంటుంది, అందుకే అలవాటు మీద పెట్టకండి. నిన్న ఎవరో జాబ్ కోసం కటాఫ్ మార్చి అలాగే వదిలేయడం మామూలే.

ఐదు రీడింగులు తీయండి. ప్రతిసారీ టెస్టర్‌ను ఒక మి.మీ. పక్కకు జరపండి. అన్నీ ఒకే దారిలో తీస్తే ఆ దారే అరుగుతుంది, ప్లేట్ మిగతా భాగం ఎలా ఉందో తెలియదు.

ఎంత తేడా వరకు ఫర్వాలేదు?

ఒక లెక్క చూద్దాం. సర్టిఫికెట్ అంకె 2.97 మైక్రాన్లు. ఐదు రీడింగులు 2.84, 2.86, 2.85, 2.83, 2.86 వచ్చాయి. సగటు 2.848. తేడా 0.122, అంటే 4.1 శాతం తక్కువ.

ఇక్కడ రెండు విషయాలు విడివిడిగా చూడాలి. రీడింగుల మధ్య తేడా 0.03 మాత్రమే. అంటే టెస్టర్ నిలకడగా ఉంది, వణుకు లేదు. కానీ ఐదూ ఒకే వైపు, కిందికే పోయాయి. కాబట్టి కారణం స్థిరమైనదే: మొన మీద మురికి, తప్పు సెట్టింగ్, గాడిలో ఎండిన నూనె, లేదా గుణకం మారిపోవడం. మొనను, ప్లేట్‌ను మళ్లీ శుభ్రం చేసి తీస్తే 2.93, 2.95, 2.94, 2.96, 2.94 వచ్చాయనుకోండి. సగటు 2.944, తేడా 0.9 శాతం. అప్పుడు సర్దుబాటు బటన్‌తో పని లేదు. మొదటిసారే బటన్ నొక్కి ఉంటే, మురికి రాలిన మరుక్షణం నుంచి టెస్టర్ దాదాపు 4 శాతం ఎక్కువ చూపించేది.

హద్దు ఎంత పెట్టుకోవాలన్నది షాపు నిర్ణయం. 3 శాతం అనో 5 శాతం అనో రాసి పెట్టుకుంటారు. అయితే సర్టిఫికెట్ అనిశ్చితే 3 శాతం ఉన్నప్పుడు హద్దును 2 శాతం అని పెట్టడంలో అర్థం లేదు. ప్లేట్ అంకె ఎంత నమ్మకమో అంతకంటే దగ్గరగా టెస్టర్‌ను తీర్పు చెప్పలేం.

ఐదు రీడింగులూ ఒకదానితో ఒకటి కలవకపోతే?

2.80, 3.05, 2.91 ఇలా చెల్లాచెదురుగా వస్తే ముందు టెస్టర్ లోపల వెతకకండి, బల్ల మీద వెతకండి. పక్కన కంప్రెసర్ ఆడుతోందా, ఎవరైనా బల్లకు ఆనుకున్నారా, ప్లేట్ కింద చిప్ ముక్క ఉండి ఊగుతోందా చూడండి. ప్లేట్ మూల మీద వేలుతో మెల్లగా నొక్కితే టిక్కుమంటే అదే కారణం. పికప్ సరిగా లోపలికి నొక్కి కూర్చోకపోవడం ఇంకొకటి. ఇవన్నీ అయ్యాక కూడా తేడా పోకపోతే, ప్లేట్ మీద మరో చోట కొలవండి. కొత్త చోట నిలకడగా ఉంటే అరిగింది ప్లేట్.

పెద్ద గాళ్ల ప్లేట్ మీద అంకె సరిగ్గా వస్తే టెస్టర్ బాగున్నట్టేనా?

సగమే. కొత్త స్టైలస్ మొన వ్యాసార్ధం 2 మైక్రాన్లో 5 మైక్రాన్లో ఉంటుంది. 3 మైక్రాన్ల ప్లేట్‌లో గాళ్లు వెడల్పుగా ఉంటాయి కాబట్టి, మొన అరిగి రెండింతలు మొద్దుబారినా గాడి అడుగు దాకా హాయిగా దిగుతుంది. అంకె బాగానే వస్తుంది. అరుగుదల బయటపడేది సన్నని గాళ్ల మీద. అందుకే కొన్ని ప్లేట్ల మీద రెండు భాగాలు ఉంటాయి: ఒకటి 3 దగ్గర, రెండోది 0.4 దగ్గర. ఈ రెండోది స్టైలస్ పరీక్ష కోసమే. మొద్దుబారిన మొన సన్న గాడి అడుగుకు చేరలేదు కాబట్టి 0.40 రావాల్సిన చోట 0.33 లాంటిది వస్తుంది. పెద్ద భాగం సరిగ్గా ఉండి చిన్న భాగం మాత్రమే తగ్గితే అది స్టైలస్ మార్చమని చెప్పడం. గుణకంతో సర్దితే పెద్ద భాగం చెడుతుంది.

మీరు కొలిచేది Ra 1.6 టర్నింగ్ మాత్రమే అయితే ఈ అరుగుదల మీ అంకెను పెద్దగా మార్చదు. టర్నింగ్ గాడి ఇన్సర్ట్ ముక్కు గుండ్రన ఆకారంలో వెడల్పుగా ఉంటుంది, మొద్దు మొన కూడా అందులో దిగుతుంది. అదే టెస్టర్‌తో గ్రైండింగ్ చేసిన 0.4 జాబ్ కొలిస్తే మాత్రం ఉన్నదానికంటే నునుపుగా చూపించి చెడ్డ జాబ్‌ను పాస్ చేస్తుంది.

మొన అరగడం వేరు, విరగడం వేరు. విరిగిన మొన అల్యూమినియం లాంటి మెత్తని జాబ్ మీద లోతైన గీత గీస్తుంది. మంచి స్టైలస్ కూడా, స్కిడ్ కూడా మెత్తని లోహం మీద సన్నని మెరుపు గీత వదలడం సహజమే. గోరు తగిలేంత గీత అయితే పికప్ తీసేయండి.

Ra 1.6 అంటే గీతల ఎత్తు 1.6 మైక్రాన్లనా?

కాదు. స్టైలస్ గీసిన రేఖ మధ్యలో ఒక సగటు గీత ఊహించండి. ప్రతి బిందువు ఆ గీతకు ఎంత దూరంలో ఉందో, పైనో కిందో అని చూడకుండా, దూరం మాత్రమే తీసుకుని సగటు కడితే వచ్చేదే Ra. శిఖరం నుంచి లోయ దాకా ఎత్తు దీనికంటే చాలా ఎక్కువ. శుభ్రమైన టర్నింగ్‌లో దాదాపు నాలుగింతలు. అంటే Ra 1.6 ఉన్న షాఫ్ట్ మీద గీతల ఎత్తు 6 మైక్రాన్ల పైనే. గీతలు చిరిగినట్టుంటే ఐదారింతలు కూడా పోతుంది. మైక్రోమీటర్‌తో సైజు కొలిచేటప్పుడు మీరు పట్టుకునేది ఆ శిఖరాలనే. బేరింగ్ నొక్కి ఎక్కించేటప్పుడు అవి చదునైపోతే పట్టు సడలుతుంది. టైట్ ఫిట్‌కు నునుపు అడగడం అందుకే.

టర్నింగ్‌లో Ra దేని మీద ఆధారపడుతుంది?

ముఖ్యంగా రెండింటి మీద: ఒక్కో చుట్టుకు ఫీడ్ ఎంత, ఇన్సర్ట్ నోస్ రేడియస్ ఎంత. షాఫ్ట్ ఒక చుట్టు తిరిగేసరికి టూల్ ఫీడ్ అంత దూరం జరుగుతుంది. ముక్కు గుండ్రన అచ్చు పక్కపక్కనే పడి మధ్యలో చిన్న గట్లు మిగులుతాయి. ఆ గట్ల లెక్క ఇది:

```
Rt = f*f / (8*r)
Ra = 0.032 * f*f / r
```

Rt అంటే గట్టు మొత్తం ఎత్తు, f ఫీడ్, r నోస్ రేడియస్. f, r రెండూ మి.మీ.లో వేస్తే జవాబు మి.మీ.లో వస్తుంది, వెయ్యితో గుణిస్తే మైక్రాన్లు. ఫీడ్ 0.2, ముక్కు 0.8 అయితే 0.04 ను 0.8 తో భాగిస్తే 0.05, దాన్ని 0.032 తో గుణిస్తే 0.0016. అంటే Ra 1.6 మైక్రాన్లు. అదే ఫీడ్‌కు ముక్కు 0.4 పెడితే 3.2. ఫీడ్ వర్గంతో పెరుగుతుంది కాబట్టి ఫీడ్ సగం చేస్తే Ra నాలుగో వంతుకు దిగాలి, కాగితం మీద.

వైపర్ ఇన్సర్ట్‌కు ఈ లెక్క వర్తించదు. దాని ముక్కు పక్కన చదును అంచు గట్లను తుడిచేస్తుంది.

లెక్క ప్రకారం 1.6 రావాలి, టెస్టర్ 1.95 చూపిస్తోంది. టెస్టర్ తప్పా?

పొద్దున ప్లేట్ మీద చెక్ బాగుంటే టెస్టర్‌ను అనుమానించకండి. లెక్క ఇచ్చేది మిషన్ వణకకుండా, అంచు అరగకుండా, లోహం చిరగకుండా ఉన్నప్పటి విలువ. నిజంలో ఎప్పుడూ దానికంటే కొంత ఎక్కువే వస్తుంది. CNMG 120408 ఇన్సర్ట్‌తో (చివరి 08 అంటే ముక్కు 0.8), 0.2 ఫీడ్‌లో, డ్రాయింగ్‌లో Ra 1.6 గరిష్ఠం అని ఉన్న జాబ్ తీస్తే మొదటి పీస్ నుంచే గీత మీద నడిచినట్టే. ఫీడ్ 0.15 కు దించితే లెక్క 0.9 వస్తుంది. నిజంలో 1.1 నుంచి 1.2 వచ్చినా చోటు మిగులుతుంది.

అసలు కారణం ఏమిటో టెస్టరే చెబుతుంది, RSm కూడా ఆన్ చేస్తే. అది గట్ల మధ్య సగటు దూరం. 0.2 ఫీడ్‌కు RSm 0.2 దగ్గర వస్తే, మీరు చూస్తున్నది ఫీడ్ అచ్చునే. ఫీడ్ తగ్గించడమో ముక్కు పెంచడమో చేయండి. RSm 0.08 లాంటిది వస్తే గట్ల మధ్యలో మరేదో చిరుగుతోంది. మైల్డ్ స్టీల్‌ను తక్కువ వేగంలో తీసినప్పుడు అంచుకు లోహం అతుక్కుని ఊడిపోయే బిల్టప్ ఎడ్జ్ ఇలాగే చేస్తుంది. అప్పుడు ఫీడ్ తగ్గిస్తే లాభం లేదు, కటింగ్ వేగం పెంచాలి లేదా ఇన్సర్ట్ మార్చాలి. గ్రాఫ్ ప్రింట్ వచ్చే టెస్టర్ అయితే ఇంకా సులువు: ఒకే తీరు వరుస గిన్నెలు కనిపిస్తే ఫీడ్, ఎగుడుదిగుడు పళ్లలా కనిపిస్తే చిరుగు.

ఫీడ్‌ను మరీ తగ్గించినా బాగుపడదు. ఒక హద్దు దాటాక అంచు కోయడం మానేసి రుద్దుతుంది, Ra మళ్లీ పెరుగుతుంది.

కటాఫ్ ఎంత పెట్టాలి?

కటాఫ్ జల్లెడ లాంటిది. దానికంటే పొడవైన అలలను టెస్టర్ వదిలేస్తుంది, పొట్టివాటిని లెక్కలోకి తీసుకుంటుంది. టర్నింగ్ గట్లు క్రమంగా ఉంటాయి కాబట్టి కొలత పద్ధతి చెప్పే పాత ప్రమాణం ISO 4288 పట్టికలో ఈ ఎంపిక గట్ల దూరం ప్రకారం, అంటే ఫీడ్ ప్రకారం ఉంటుంది. దూరం 0.13 నుంచి 0.4 మి.మీ. అయితే కటాఫ్ 0.8. 0.4 దాటి 1.3 వరకు అయితే 2.5. 0.04 నుంచి 0.13 వరకు అయితే 0.25.

తప్పు పెడితే ఏమవుతుందో చూడండి. ఫీడ్ 0.2 ఉన్న జాబ్ మీద కటాఫ్ 0.25 పెడితే గాసియన్ ఫిల్టర్ ఆ అలలో మూడింట రెండు వంతులే పోనిస్తుంది. నిజంగా 1.6 ఉన్న జాబ్ 1.1 దగ్గర చూపించి నిశ్చింతగా పాస్ అవుతుంది. ఫీడ్ 0.5 తో రఫ్ చేసిన జాబ్‌ను 0.8 కటాఫ్‌తో కొలిస్తే దాదాపు 17 శాతం తక్కువ వస్తుంది.

Ra 2 దాటితే 2.5 కటాఫ్ పెట్టాలని చాలామంది చెబుతారు. అది గ్రైండింగ్ లాంటి క్రమం లేని ఉపరితలాలకు. ఫీడ్ 0.25 తో Ra 2.5 వచ్చిన టర్నింగ్ జాబ్‌కు 0.8 సరైనదే.

జాబ్ మీద టెస్టర్‌ను ఎలా పెట్టాలి?

షాఫ్ట్‌ను వీ బ్లాక్‌లో పెట్టి, స్టైలస్ దాని పొడవు వెంబడి కదిలేలా, సరిగ్గా పై నడినెత్తి మీద పెట్టాలి. గట్లు చుట్టూ తిరిగి ఉంటాయి కాబట్టి పొడవు వెంబడి కదిలితేనే వాటిని అడ్డంగా దాటుతుంది. చుట్టు వెంబడి కదిలితే గాడి లోపలే నడిచి తప్పుడు చిన్న అంకె ఇస్తుంది. నడినెత్తి నుంచి పక్కకు జారితే స్కిడ్ ఒరుగుతుంది. ఫేసింగ్ చేసిన ముఖం మీద మధ్య నుంచి అంచు వైపుగా కొలవాలి, సరిగ్గా కేంద్రం మీదుగా దాటించకూడదు.

కొలిచే ముందు కూలెంట్, బర్ తీసేయండి. 120 డిగ్రీల దూరంలో మూడు చోట్ల కొలిస్తే ఒక వైపే వచ్చిన వణుకు కూడా దొరుకుతుంది.

కంటికి గీత కనిపిస్తోంది, Ra మాత్రం పాస్. ఎలా?

సగటు అంతే. 10 మైక్రాన్ల లోతు, 20 మైక్రాన్ల వెడల్పు ఉన్న ఒక్క గీత స్టైలస్ దారికి అడ్డం వచ్చిందనుకోండి. 4 మి.మీ. మొత్తం మీద అది Ra కు కలిపేది 0.025 మైక్రాన్లు. తెర మీద గమనించలేం. Rz అంటే ఒక్కో సాంపిల్ పొడవులో శిఖరం నుంచి లోయ దాకా ఎత్తు తీసుకుని కట్టే సగటు. అదే Rz అయితే ఐదు పొడవుల్లో ఒక దానిలో 4 ఉన్నది 12 అవుతుంది, సగటు 4 నుంచి 5.6 కు ఎగురుతుంది. గీత ముఖ్యమైన చోట డ్రాయింగ్‌లో Rz కూడా అడగాలి.

ఆయిల్ సీల్ కూర్చునే చోట ఇంకో చిక్కు. అక్కడ సాధారణంగా Ra 0.2 నుంచి 0.8 అడుగుతారు. సన్నని ఫీడ్‌తో టర్నింగ్ చేసి 0.6 తెచ్చినా గీత మర చుట్టులా ఉంటుంది కాబట్టి షాఫ్ట్ తిరిగినప్పుడు నూనెను బయటికి తోడుతుంది. Ra ఆ చుట్టును చూడలేదు. అందుకే అక్కడ జరగకుండా నొక్కి చేసే ప్లంజ్ గ్రైండింగ్ అడుగుతారు.

డ్రాయింగ్‌లో 63 అని ఉంది, మరో దానిలో N7. ఏమిటివి?

రెండూ Ra 1.6 మైక్రాన్లే. 63 అమెరికా డ్రాయింగుల్లో మైక్రోఅంగుళాలు. 32 అంటే 0.8, 125 అంటే 3.2. టెస్టర్ తెర మీద యూనిట్ కూడా చూడండి, ఎవరైనా అంగుళాలకు మార్చి ఉండొచ్చు.

మూడు చోట్ల కొలిస్తే ఒకటి 1.65 వచ్చింది. రిజెక్టా?

డ్రాయింగ్ ఏ ప్రమాణం చెబుతోందో దాన్ని బట్టి. పాత ISO 4288 లో పదహారు శాతం నియమం ఉంది, కొన్ని రీడింగులు పైహద్దు దాటినా జాబ్ ఒప్పుకోవచ్చు. డ్రాయింగ్‌లో max అని రాస్తే ఒక్కటీ దాటకూడదు. దాని స్థానంలో 2021 లో వచ్చిన ISO 21920 లో, ఏమీ రాయకపోతే ఒక్కటీ దాటకూడదన్నదే నియమం. డ్రాయింగ్‌లో ఏదీ లేకపోతే జాబ్ పంపేముందే కస్టమర్‌ను అడిగి రాతలో తీసుకోండి.

మాస్టర్ ప్లేట్‌ను ఎంతకాలానికి ల్యాబ్‌కు పంపాలి?

ఏడాదికోసారి అన్నది ఎక్కువమంది పాటించే గడువు. రోజుకు పదిసార్లు వాడే చోట ఇంకా ముందే. గడువుకు ముందే పంపాల్సిన గుర్తు ఒకటుంది: ప్లేట్‌ను దీపం కింద వాల్చి భూతద్దంతో చూస్తే, గాళ్లకు అడ్డంగా స్టైలస్ నడిచిన దారులు మెరుపు గీతలుగా కనిపిస్తాయి. అవి ఒకే చోట పోగై పట్టీలా కనిపిస్తే ఆ పట్టీ మీద ఒకసారి, పక్కన ముట్టని చోట ఒకసారి కొలవండి. తేడా 2 శాతం దాటితే ఆ పట్టీని మార్కర్‌తో అంచు మీద గుర్తు పెట్టి వాడటం మానండి. ముట్టని చోటు మిగలకపోతే ప్లేట్ మార్చండి. పెట్టెలో పెట్టేటప్పుడు గాళ్ల వైపు వేలు తగలనివ్వకండి. చెమట ఆరాక నికెల్ మీద మిగిలే మరకే మరుసటి రోజు రీడింగ్‌లో తేడాగా కనిపిస్తుంది.